పళ్ళు లెక్కపెట్టి, పిచ్ తెలుసుకుని టైమింగ్ బెల్టు పుల్లీ సైజు కట్టడం ఎలా

తాడిపత్రి వైపు బండల పాలిష్ యూనిట్ నుంచి పుల్లీలు మా లేత్ షాపుకి వచ్చేది దాదాపు ఒకే అవతారంలో. పళ్ళ మధ్య రాతి బురద గట్టిపడి ఉంటుంది, పళ్ళ అంచులు కత్తుల్లా అరిగి ఉంటాయి, నంబరు ఎక్కడా కనబడదు. "అన్నా, ఇట్లాంటిదే ఇంకోటి చేసియ్యి" అని బల్ల మీద పెట్టి పోతారు. అరిగిన పుల్లీని కొలిచి అదే సైజు తిప్పితే అరుగుడును కూడా కాపీ చేసినట్టే. అందుకని పాత పుల్లీ నుంచి తీసుకోవాల్సింది ఒక్క పళ్ళ లెక్కే. సైజంతా లెక్క కట్టాలి.

అనంతపురంలో ఉన్నా, కర్నూలులో ఉన్నా, మీ చేతికి ఇలాంటి పుల్లీ వస్తే మీరు కనుక్కోవాల్సినవి రెండు. ఒకటి పిచ్ డయా, అంటే బెల్టు నిజంగా తిరిగే వలయం వ్యాసం. రెండోది ఓడీ, అంటే లేత్ మీద బ్లాంక్‌ని తిప్పాల్సిన బయటి వ్యాసం. ఈ రెండూ ఒకటి కావు. ఈ ముక్క తెలియక నేను ఒక అల్యూమినియం బ్లాంక్‌ని, దాంతో పాటు ఒక కొత్త బెల్టుని పాడు చేశాను. ఆ సంగతి కాసేపట్లో చెప్తాను.

ముందు పళ్ళు, తర్వాత పిచ్

పుల్లీని డీజిల్‌తో కడిగి, ఒక పన్ను మీద మార్కర్‌తో గీత పెట్టి లెక్కపెట్టండి. రెండు సార్లు లెక్కపెట్టండి, రెండోసారి ఎదురు దిక్కున. ఒక్క పన్ను తప్పితే ఇంక ఎంత జాగ్రత్తగా గుణించినా వృథా. మన ఉదాహరణలో కన్వేయర్ మోటరు పుల్లీకి 30 పళ్ళు వచ్చాయనుకుందాం.

పిచ్ అంటే ఒక పన్ను నుంచి పక్క పన్నుకి దూరం. దీన్ని బెల్టు మీద తెలుసుకోవాలి, పుల్లీ మీద కాదు. బెల్టు వీపు మీద నంబరు మిగిలి ఉంటే పని సులువు. 1200-8ఎం-30 అని ఉందంటే బెల్టు పొడవు 1200 మి.మీ., పిచ్ 8 మి.మీ., వెడల్పు 30 మి.మీ. అదే 200ఎక్స్ఎల్037 అని ఉంటే అది అంగుళాల బెల్టు. పొడవు 20 అంగుళాలు, వెడల్పు 0.37 అంగుళం, ఎక్స్ఎల్ అంటే పిచ్ 0.2 అంగుళం, అంటే 5.08 మి.మీ.

నంబరు చెరిగిపోతే బెల్టుని బల్ల మీద తిన్నగా పరిచి, పది పిచ్‌ల దూరం ఒకేసారి కొలవండి. ఒక పన్ను ఎడమ అంచు నుంచి మొదలుపెట్టి, దాని తర్వాత పదో పన్ను ఎడమ అంచు దాకా. మొదటి పన్నునే "ఒకటి" అని లెక్కపెడితే పదకొండో పన్ను దగ్గర ఆగాలి. పదో దాని దగ్గరే ఆగితే తొమ్మిది పిచ్‌లే వస్తాయి. మా పిల్లవాడు ఒకసారి అలా 72 మి.మీ. చూసి 7.2 పిచ్ బెల్టు అన్నాడు. అలాంటి బెల్టు లేదు. 8 మి.మీ. బెల్టుకి పది పిచ్‌లు 80 రావాలి.

పుల్లీ మీదే రెండు పన్నుల మధ్య వేర్నియర్ పెట్టి కొలిస్తే ఏమవుతుందని అడుగుతారు. 30 పళ్ళ 8ఎం పుల్లీ మీద 7.84 దాకా వస్తుంది. వేర్నియర్ చెడిపోలేదు. పుల్లీ బయటి అంచు మీద పళ్ళు నిజంగానే అంత దగ్గరగా ఉంటాయి. ఎందుకో ముందుకి పోతే తెలుస్తుంది.

పిచ్ డయా

ఇది చిన్న లెక్క. బెల్టు 30 పళ్ళు దాటితే పుల్లీ ఒక చుట్టు తిరుగుతుంది. కాబట్టి చుట్టుకొలత 30 గుణించు 8, అంటే 240 మి.మీ. దాన్ని π తో భాగిస్తే వ్యాసం.

```
పిచ్ డయా = పళ్ళు × పిచ్ ÷ 3.1416
         = 30 × 8 ÷ 3.1416
         = 76.39 మి.మీ.
```

బడిలో నేర్చుకున్న 22/7 ఇక్కడ వాడకండి. దాంతో భాగిస్తే 76.36 వస్తుంది, 0.03 తక్కువ. అంతేనా అనిపిస్తుంది గానీ, మైనస్ వైపు తేడాకి చోటే లేని పని ఇది. 3.14 వాడితే 76.43 వస్తుంది, అది ప్లస్ వైపు కాబట్టి చిన్న పుల్లీల్లో ఏదో గడిచిపోతుంది. పెద్ద పుల్లీల్లో అదీ పెరుగుతుంది. ఫోన్ కాలిక్యులేటర్‌లో π గుర్తు ఉంటే అదే నొక్కండి.

ఓడీ ఎందుకు తక్కువ

ఇక్కడ కాస్త ఆగాలి. టైమింగ్ బెల్టుని అడ్డంగా కోసి చూడండి. రబ్బరు లోపల వరసగా సన్నటి దారాలు కనిపిస్తాయి. రబ్బరు బెల్టుల్లో ఎక్కువగా గాజు దారం, పాలీయూరిథేన్ బెల్టుల్లో ఎక్కువగా స్టీల్ తీగ. లాగుడు బరువంతా మోసేది ఈ దారాలే. బెల్టు పుల్లీ చుట్టూ వంగినప్పుడు వీపు వైపు రబ్బరు సాగుతుంది, పళ్ళ వైపు రబ్బరు నొక్కుకుంటుంది. సాగకుండా, కుంగకుండా పొడవు అలాగే నిలబెట్టుకునేది దారాల వరస ఒక్కటే. 8 మి.మీ. పిచ్ అని బెల్టు మీద రాసింది ఆ వరస మీద ఉండే దూరాన్నే.

ఇప్పుడు బెల్టుని పుల్లీ మీద పెట్టండి. బెల్టు పన్ను పుల్లీ గాడిలోకి దిగుతుంది. రెండు బెల్టు పళ్ళ మధ్య చదునుగా ఉండే చోటు పుల్లీ పన్ను నెత్తిన కూర్చుంటుంది. దారాలు ఆ నెత్తికి కాస్త పైన, గాలిలో తేలే గీతలాగా ఉంటాయి. అంటే పిచ్ డయా అనేది పుల్లీ లోహంలో ఎక్కడా లేదు, బెల్టు లోపల ఉంది. వేర్నియర్‌కి ఎప్పటికీ దొరకదు. పుల్లీ నెత్తి నుంచి దారాల మధ్యకి ఉన్న ఈ దూరాన్ని కేటలాగుల్లో పీఎల్‌డీ అంటారు. వ్యాసానికి రెండు వైపులా ఉంటుంది కాబట్టి రెండింతలు తీసేయాలి.

```
ఓడీ = పిచ్ డయా − (2 × పీఎల్‌డీ)
```

ఈ తేడా బెల్టు రకాన్ని బట్టి ఉంటుంది. పళ్ళు 20 ఉన్నా 60 ఉన్నా మారదు, ఎందుకంటే అది దారం ఎంత ఎత్తున ఉందనేదే. మన దగ్గర ఎక్కువగా తగిలే బెల్టులకి వ్యాసంలోంచి తీసేయాల్సిన మొత్తం తేడా, రెండింతలు చేసిందే, ఇస్తున్నాను:

| బెల్టు | పిచ్ (మి.మీ.) | తీసేయాల్సింది (మి.మీ.) |
|---|---|---|
| ఎక్స్ఎల్ | 5.08 | 0.508 |
| ఎల్ | 9.525 | 0.762 |
| హెచ్ | 12.7 | 1.372 |
| 3ఎం | 3 | 0.762 |
| 5ఎం | 5 | 1.143 |
| 8ఎం | 8 | 1.372 |
| 14ఎం | 14 | 2.794 |

మొదటి మూడూ పన్ను బల్లపరుపుగా, పక్కలు వాలుగా ఉండేవి. ఎం గుర్తు ఉన్నవి గుండ్రటి పన్ను ఉండే హెచ్‌టీడీ రకం. కేటలాగు చూసేటప్పుడు ఒక మోసం ఉంది. కొన్నింట్లో 8ఎంకి 0.686 అని, కొన్నింట్లో 1.372 అని ఉంటుంది. మొదటిది ఒక వైపుది, రెండోది రెండు వైపులది. ఏది ఇచ్చారో చూడకుండా లెక్క కడితే తీసేయాల్సిన దాంట్లో సగమే తీసేస్తారు, లేదా ఒకటికి రెండు సార్లు తీసేస్తారు.

14ఎంలో చిన్న పుల్లీలకి ఈ సూత్రం అచ్చంగా పనిచేయదు. అంత మందపాటి బెల్టు చిన్న వలయం మీద వంగితే దాని తీరు మారుతుంది కాబట్టి ఓడీని కొంచెం సరిదిద్దుతారు. 28 పళ్ళకి లెక్క ప్రకారం 121.98 వస్తుంది, కేటలాగులో 122.12 ఉంటుంది. 14ఎంలో చిన్న పుల్లీ చేయాల్సి వస్తే కేటలాగు అంకెనే తీసుకోండి.

మన పుల్లీకి వస్తే 76.39 లోంచి 1.37 తీసేస్తే 75.02 మి.మీ. బ్లాంక్ తిప్పాల్సింది ఇంతకి.

నాలుగైదు పుల్లీలు ఒకేసారి చేయాలంటే ఎక్సెల్‌లో పెట్టుకోండి. A గడిలో పళ్ళు, B లో పిచ్, D లో పై పట్టికలోని తేడా రాసుకుంటే సరిపోతుంది. C లో పిచ్ డయా, E లో ఓడీ వస్తాయి.

```
C2:  =A2*B2/PI()
E2:  =C2-D2
```

నేను చేసిన తప్పు

టైమింగ్ పుల్లీలు కొత్తగా మొదలుపెట్టినప్పుడు నాకు పిచ్ డయా సూత్రం ఒక్కటే తెలుసు. ఇదే 30 పళ్ళ పుల్లీ, 76.39కి బ్లాంక్ తిప్పేశాను. పళ్ళు కోయించి ఇచ్చాను. చూడటానికి ముచ్చటగా ఉంది. వారం తిరక్కముందే బెల్టు చేతిలో పట్టుకుని వచ్చారు.

ఏం జరిగిందో లెక్కలో చూడండి. పుల్లీ నెత్తి 76.39 దగ్గర ఉంటే దారాల వలయం దానికన్నా 1.37 పెద్దగా, 77.76 దగ్గరకి పోతుంది. ఆ చుట్టుకొలతని 30తో భాగిస్తే ఒక్కో పన్నుకి 8.14 మి.మీ. వస్తుంది. బెల్టు పిచ్ మాత్రం 8. పన్నుకి 0.14 అంటే గాడి సందులో సర్దుకుంటుంది కదా అనుకోవచ్చు. కానీ ఒక్క పన్ను కాదు, ఈ పుల్లీ చుట్టూ ఒకేసారి 14 పళ్ళు పట్టుకుని ఉంటాయి. మొదటి పన్ను సరిగ్గా దిగితే పద్నాలుగోది చేరేసరికి తేడా దాదాపు 2 మి.మీ. 8ఎం పన్ను అంత తేడాని ఎక్కడ దాచుకుంటుంది? దిగలేక గాడి అంచు మీదకి ఎక్కుతుంది.

బయటికి ఇది ఎలా కనిపిస్తుందంటే, ముందు గురగురమని ఊళ పెడుతుంది. పుల్లీ కింద నల్లటి రబ్బరు పొడి రాలుతుంది. బెల్టు పళ్ళు ఒక పక్కే మెరుస్తూ అరుగుతాయి. ఆపరేటరు బెల్టు జారుతోందనుకుని టెన్షన్ పెంచుతాడు, దాంతో బేరింగు కూడా వేడెక్కుతుంది. టెన్షన్ ఎంత బిగించినా ఊళ తగ్గకపోతే టెన్షనర్‌ని వదిలేసి పుల్లీ ఓడీ కొలవండి.

ఎంత తేడా ఒప్పుకుంటుంది

50.8 నుంచి 101.6 మి.మీ. మధ్య ఉండే పుల్లీల ఓడీకి ప్లస్ 0.10, మైనస్ సున్నా అని టాలరెన్స్ ఇస్తారు. అంటే మన పుల్లీ 75.02 నుంచి 75.12 దాకా ఉండొచ్చు. 25.4 నుంచి 50.8 మధ్యవాటికి ప్లస్ 0.08, ఆ పైన 101.6 నుంచి 177.8 దాకా ప్లస్ 0.13. ఎక్కడా మైనస్ లేదు. మోటరు వైపు పుల్లీ మీదకి బెల్టు బాగా లాగబడి వస్తుంది, అంటే దాని పిచ్ వెంట్రుకవాసి పెరిగి ఉంటుంది. ఓడీ కొంచెం ఎక్కువున్నా దానికి సరిపోతుంది, తక్కువుంటే మాత్రం బెల్టు పళ్ళు గాడి అంచుని గుద్దుకుంటూ దిగుతాయి. నేను 75.05కి, 75.08కి మధ్య ఆపుతాను.

మన ఊళ్ళ ఎండల్లో ఇంకొక సంగతి. మే నెలలో మధ్యాహ్నం అల్యూమినియం బ్లాంక్‌కి గట్టిగా కట్ వేసి, వేడిగా ఉండగానే కొలిస్తే తప్పు కొలత వస్తుంది. 75 మి.మీ. అల్యూమినియం 30 డిగ్రీలు చల్లబడితే 0.05 మి.మీ. తగ్గుతుంది. వేడిగా ఉన్నప్పుడు 75.03 చూసి సంతోషపడితే సాయంత్రానికి అది 74.98. చివరి కట్ 0.2 దాకా మిగిల్చి, బ్లాంక్‌ని చల్లారనిచ్చి, అప్పుడు ఫినిష్ చేయండి. టీ తాగి రావడానికి ఇదొక మంచి సాకు కూడా.

ఆ తర్వాత పళ్ళు కోయడం. డివైడింగ్ హెడ్ మీద 30 పళ్ళకి హ్యాండిల్ ఒక పూర్తి చుట్టు, ఆ పైన 15 రంధ్రాల వరసలో 5 రంధ్రాలు. కట్టర్ లోతు ఓడీ నుంచే కొలుస్తారు కాబట్టి, ఓడీ తప్పితే లోతు కూడా దాని వెంట తప్పుతుంది.

ఉన్న పుల్లీని గుర్తుపట్టాలంటే

ఇదే లెక్కని వెనక నుంచి చేయొచ్చు. బెల్టు లేకుండా పుల్లీ ఒక్కటే వచ్చినప్పుడు ఇది పనికొస్తుంది. ఓడీ కొలిచి, అనుమానం ఉన్న బెల్టు తేడాని కలిపి, 3.1416తో గుణించి, పళ్ళతో భాగించండి. 30 పళ్ళ పాత పుల్లీ ఓడీ అరిగి 74.8 ఉందనుకోండి. 8ఎం అనుకుని 1.37 కలిపితే 76.17, దాన్నుంచి పిచ్ 7.98 వస్తుంది. ఎనిమిదికి దగ్గర, కొంచెం తక్కువ. అరిగిన పుల్లీకి అంతే రావాలి.

ఓడీ కొలవడంలో ఒక చిక్కు. పళ్ళ సంఖ్య సరి అయితే ఒక పన్నుకి ఎదురుగా ఇంకో పన్ను ఉంటుంది, వేర్నియర్ నేరుగా పట్టుకుంటుంది. బేసి సంఖ్య, అంటే 25, 31 లాంటివి అయితే పన్నుకి ఎదురుగా గాడి ఉంటుంది, వేర్నియర్ తక్కువ చూపిస్తుంది. అప్పుడు బోరు అంచు నుంచి పన్ను నెత్తి దాకా కొలిచి, దానికి బోరు వ్యాసంలో సగం కలపండి. వచ్చింది ఓడీలో సగం.

కడప నుంచి ఒకతను పౌచ్ ప్యాకింగ్ మిషన్ పుల్లీ తెచ్చాడు. 20 పళ్ళు, వాలు పక్కల పన్ను, ఓడీ సరిగ్గా 31.83. అతను అప్పటికే లెక్క కట్టుకొచ్చాడు. 31.83ని 3.1416తో గుణించి 20తో భాగిస్తే అచ్చంగా 5.00. కాబట్టి 5 మి.మీ. పిచ్ టీ5 బెల్టు అని తెప్పించాడు. కూర్చోవడం లేదు, పుల్లీ తప్పు అంటాడు. పుల్లీలో ఏ తప్పూ లేదు. అతను ఓడీని పిచ్ డయా అనుకున్నాడు. అదే 31.83కి ఎక్స్ఎల్ తేడా 0.508 కలిపి చూడండి. 32.34, దాన్నుంచి పిచ్ 5.08. అది ఎక్స్ఎల్ పుల్లీ. 20 పళ్ళ ఎక్స్ఎల్ ఓడీ, 20 పళ్ళ 5 మి.మీ. పుల్లీ పిచ్ డయా రెండూ రెండో దశాంశం దాకా ఒకటే కావడం వట్టి కాకతాళీయం. నిజమైన టీ5 పుల్లీ అయితే 20 పళ్ళకి ఓడీ 31 దగ్గర ఉంటుంది. అందుకే ఓడీ నుంచి నేరుగా వచ్చిన పిచ్ గుండు సున్నాలతో చక్కగా కనిపిస్తే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది.

ఏ డయా ఎక్కడ

ఓడీ లేత్ కోసం. సెంటర్ దూరం, బెల్టు పొడవు లెక్కలన్నీ పిచ్ డయాతోనే. మన కన్వేయర్‌లో రెండో పుల్లీ 60 పళ్ళది, దాని పిచ్ డయా 152.79. 1200 బెల్టుతో ఈ రెండు పుల్లీల షాఫ్టుల మధ్య దూరం 418.3 మి.మీ. వస్తుంది. ఓడీలు వేసి లెక్కగడితే 420.4 వస్తుంది. ఆ రెండు మి.మీ. పెంచి బ్రాకెట్‌కి రంధ్రాలు వేస్తే బెల్టు ఎక్కనే ఎక్కదు. వేగం నిష్పత్తికైతే ఏ డయా అక్కర్లేదు. 30కి 60 పళ్ళు, 1440 తిరిగే మోటరుకి అవతల 720.

పళ్ళు కోసిన పుల్లీని ఇచ్చేముందు షాపులోనే ఒక పని చేయండి. కొత్త బెల్టుని చేత్తో పుల్లీకి సగం చుట్టు చుట్టి, ఒక చివర పన్నుని గాడిలో వేలితో నొక్కి పట్టుకుని, రెండో చివర పన్ను ఎలా కూర్చుందో వెలుతురుకి పెట్టి చూడండి. రెండు చివరలా పన్ను అడుగు దాకా దిగి, బెల్టు చదును భాగం పుల్లీ నెత్తికి ఆనుకుని ఉంటే ఓడీ సరిపోయినట్టే. అవతలి చివర పన్ను గాడి అంచు మీద ఎక్కి నిలబడితే బ్లాంక్ పెద్దది. ఆ పుల్లీ బయటికి పంపకండి.